ఈడీటీ, ఈడీపీ, పర్ఫ్యూమ్: సెంటు సీసా కొనేముందు లెక్క ఎలా వేసుకోవాలి

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల ఏ పెద్ద సెంటు దుకాణానికి వెళ్లినా ఒకే పేరు, ఒకే ఆకారం ఉన్న సీసాలు రెండు మూడు పక్కపక్కన కనిపిస్తాయి. ఒకదాని మీద ఓ ద టాయిలెట్ అనీ, ఇంకోదాని మీద ఓ ద పర్ఫ్యూమ్ అనీ, మూడోదాని మీద ఉత్త పర్ఫ్యూమ్ అనీ ఉంటుంది. మొదటి రెంటినీ దుకాణాల్లో ఈడీటీ, ఈడీపీ అంటారు. ధర ఒకదాన్ని మించి ఒకటి. "ఎక్కువసేపు ఉండాలంటే ఇదే తీసుకోండి" అని దుకాణదారు ఖరీదైన సీసాను ముందుకు జరుపుతాడు. ఆ మాటలో కొంత నిజం ఉంది. ఎంత నిజమో తెలియకుండా రెండు మూడు వేల రూపాయలు అదనంగా పెట్టడం మాత్రం సరికాదు. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌తో అక్కడే తేల్చుకునే లెక్క ఇది.

ముందు సీసాలో ఏముందో తెలుసుకోండి

ఏ సెంటులోనైనా ప్రధానంగా ఉండేవి సువాసన తైలాలు, ఆల్కహాల్, కొద్దిగా నీరు. పై మూడింటికి కొలోన్ అనే తేలిక రకాన్ని కూడా కలిపితే, ఈ నాలుగు పేర్లూ చెప్పేది ఒక్కటే: మొత్తం ద్రవంలో తైలం వంతు ఎంత అన్నది. వాడుకలో ఉన్న అంచనా ప్రకారం కొలోన్‌లో 2 నుంచి 5 శాతం, ఈడీటీలో 5 నుంచి 15 శాతం, ఈడీపీలో 15 నుంచి 20 శాతం, పర్ఫ్యూమ్‌లో 20 నుంచి 30 శాతం వరకు తైలం ఉంటుంది. పర్ఫ్యూమ్‌నే కొన్ని సీసాల మీద ఎక్స్‌ట్రే అని రాస్తారు. రెండూ ఒకే కోవకు చెందినవి.

ఈ హద్దులు పరిశ్రమ అలవాటు కొద్దీ పెట్టుకున్నవే తప్ప చట్టం గీసినవి కావు. ఒక కంపెనీ ఈడీటీలో మరో కంపెనీ ఈడీపీకి సమానంగా తైలం ఉండవచ్చు. అయిదు వందల రూపాయల సీసా మీద బంగారు అక్షరాలతో పర్ఫ్యూమ్ అని అచ్చు వేసినంత మాత్రాన లోపల పాతిక శాతం తైలం ఉందని నమ్మనక్కర్లేదు. అందుకే ఈ పేర్లను ఒకే కంపెనీ, ఒకే పేరు మీద తెచ్చిన సీసాల మధ్య పోలికకు మాత్రమే వాడండి. వేర్వేరు కంపెనీల సీసాలను పోల్చడానికి అవి పెద్దగా పనికిరావు.

పెట్టె మీద 80 శాతం అని చూసి చాలామంది పొరపడతారు. అది తైలం వంతు కాదు, ఆల్కహాల్ వంతు. తైలం ఎంత ఉందో దాదాపు ఏ కంపెనీ కూడా పెట్టె మీద రాయదు. అలాగే మూత తీయగానే ముక్కుకు తగిలే ఘాటును చూసి ఇది గట్టి సెంటు అనుకోవద్దు. అది ఆల్కహాల్ ఘాటు. పూసుకున్న ఒకటి రెండు నిమిషాల్లో ఎగిరిపోతుంది. ఆ తర్వాత చర్మం మీద మిగిలేది తైలం ఒక్కటే. దుకాణంలో వాసన చూసేటప్పుడు ఆ రెండు నిమిషాలూ ఆగి చూడండి.

నొక్కుల్లో కొలవండి

ఆల్కహాల్ ఎగిరిపోయి తైలమే మిగులుతుందని తెలిశాక అసలు లెక్క మొదలవుతుంది. మామూలు స్ప్రే సీసాను ఒకసారి నొక్కితే సుమారు 0.1 మి.లీ. ద్రవం బయటికి వస్తుంది. కొన్ని సీసాల్లో ఇందులో సగమే రావచ్చు, కొన్నింట్లో కాస్త ఎక్కువ రావచ్చు. లెక్కకు మాత్రం ఈ అంకె సరిపోతుంది. అంటే 100 మి.లీ. సీసాలో దాదాపు వెయ్యి నొక్కులు ఉంటాయి.

ఈడీటీలో తైలం 10 శాతం అనుకుందాం. ఒక నొక్కుతో చర్మం మీద సుమారు 10 మిల్లీగ్రాముల తైలం మిగులుతుంది. అదే పేరుతో ఉన్న ఈడీపీలో 20 శాతం అనుకుంటే ఒక నొక్కుతో 20 మిల్లీగ్రాములు. అంటే ఈడీటీ నాలుగు నొక్కులు, ఈడీపీ రెండు నొక్కులు మీ ఒంటి మీద ఒకే మోతాదు తైలాన్ని వదులుతాయి. ఆల్కహాల్ ఆ తైలాన్ని పలుచగా పరిచి వెళ్లిపోతుంది, అంతే. కాబట్టి "ఈడీటీ బలహీనం, ఈడీపీ బలం" అన్న మాటకు నొక్కుల సంఖ్య చెప్పకపోతే అర్థం లేదు. ఎనిమిది నొక్కుల ఈడీటీ, రెండు నొక్కుల ఈడీపీని సులభంగా మించిపోతుంది.

తైలం రెట్టింపైతే గంటలు రెట్టింపు కావు

దుకాణంలో ఎవరూ చెప్పని సంగతి ఇది. తైలం అంటే ఒకే పదార్థం కాదు. పదుల సంఖ్యలో పదార్థాలు కలిసిన మిశ్రమం. నిమ్మ, నారింజ, బర్గమోట్ వంటి పుల్లని పండ్ల తొక్కల వాసనలు తేలిక. అవి పావుగంట, అరగంటలో ఎగిరిపోతాయి. మల్లె, గులాబీ లాంటి పూల వాసనలు, మసాలా వాసనలు కొన్ని గంటలు నిలుస్తాయి. చందనం, వెనిల్లా, కస్తూరిని పోలిన కృత్రిమ పదార్థాలు బరువైనవి. రాత్రి వరకు, బట్ట మీదైతే మర్నాటి వరకు కూడా ఉంటాయి.

ఒక పదార్థం వాసన చర్మం మీద ప్రతి రెండు గంటలకు సగానికి పడిపోతోందనుకోండి. మీరు దాన్ని రెట్టింపు పూసుకుంటే రెండు గంటల తర్వాత మొదట పూసుకోదలచిన మోతాదుకు వచ్చి నిలుస్తుంది. అంటే రెట్టింపు తైలం వల్ల మీకు అదనంగా వచ్చినవి రెండు గంటలే. ఆరు గంటలు ఉండేది ఎనిమిది అవుతుంది తప్ప పన్నెండు కాదు. చర్మం మీద జరిగేది ఇంత లెక్క ప్రకారం ఉండదు గానీ దాని తీరు మాత్రం ఇదే. ఇక అరగంటలో పోయే నిమ్మ వాసన విషయంలో తైలం రెట్టింపు చేస్తే మరికొన్ని నిమిషాలే దక్కుతాయి.

అయినా ఈడీపీ ఎక్కువసేపు ఉండటం చాలామంది అనుభవంలో నిజమే. దానికి కారణం తైలం వంతు ఒక్కటే కాదు. ఒకే పేరుతో ఈడీటీ, ఈడీపీ చేసేటప్పుడు చాలా కంపెనీలు లోపలి మిశ్రమాన్నే మార్చేస్తాయి. ఈడీటీలో పండ్ల తొక్కలు, ఆకు వాసనలు ఎక్కువ పెట్టి తాజాగా, ఎగిసిపడేలా చేస్తారు. ఈడీపీలో, ఇంకా ఎక్కువగా పర్ఫ్యూమ్‌లో, వెనిల్లా, చెక్క, చెట్ల బంక వాసనలను పెంచుతారు. అవి సహజంగానే నిదానంగా పోతాయి. కాబట్టి మీకు నచ్చింది ఈడీటీలో తగిలే ఆ నారింజ మెరుపే అయితే, ఎక్కువ డబ్బు పెట్టి పర్ఫ్యూమ్ కొన్నా అది దొరకకపోవచ్చు. సీసా పేరు అదే, వాసన వేరు. ఈడీటీ వాసన చూసి ఈడీపీ సీసా ప్యాక్ చేయించుకోవద్దు. కొనబోయే సీసా టెస్టర్‌నే అడిగి తీసుకుని చూడండి.

ఇంకో తేడా కూడా ఉంది. ఈడీటీ పూసుకున్నవారు గదిలోకి రాగానే వాసన ముందుగా తెలుస్తుంది, తొందరగానే తగ్గిపోతుంది. పర్ఫ్యూమ్ చాలాసార్లు ఒంటిని అంటిపెట్టుకుని, దగ్గరికి వచ్చినవారికే తెలిసేలా, గంటల తరబడి ఉంటుంది. దూరం వరకు గుబాళించాలని పర్ఫ్యూమ్ కొన్నవారు తర్వాత నిరాశపడేది ఇందుకే.

మీ చేతుల మీదే పరీక్షించండి

కాగితపు పట్టీ మీద చూసింది సగం సమాచారమే. ముందు 5 మి.లీ. చిన్న సీసాలు దొరికితే ఈడీటీ ఒకటి, ఈడీపీ ఒకటి తెచ్చుకోండి. లేకపోతే దుకాణంలోనే టెస్టర్‌తో పని కానివ్వండి. స్నానం చేసి, వాసన లేని సబ్బు వాడి, ఏ పౌడరూ రాసుకోకుండా వెళ్లండి. ఎడమ ముంజేతి లోపలివైపు ఈడీటీ రెండు నొక్కులు, కుడి చేతి మీద ఈడీపీ రెండు నొక్కులు. రెంటికీ దూరం ఒకేలా, జానెడు ఉంచండి. తర్వాత చేతులు రుద్దుకోవద్దు, ఆరనివ్వండి.

పూసుకున్న పది నిమిషాలకు, గంటకు, నాలుగు గంటలకు, ఎనిమిది గంటలకు ఒక్కొక్కసారే చూసి ఫోన్‌లో రాసుకోండి. మధ్యలో ఊరికే చేయి ముక్కు దగ్గరికి తేవద్దు. ఒకే వాసనను పదే పదే పీలిస్తే ముక్కు దానికి అలవాటుపడి ఏమీ లేదని చెబుతుంది. మీకు వాసన ఆగిపోయిందనిపించినప్పుడు ఇంట్లో ఎవరినైనా అడగండి. ఇంకొక సంగతి, కస్తూరిని పోలిన కొన్ని పదార్థాల వాసన కొంతమందికి అసలే తెలియదు. అది వారి ముక్కు తత్వం. అలాంటివారు "గంటలో పోయింది" అంటున్న సెంటు పక్కనున్నవారికి సాయంత్రం వరకు తెలుస్తూనే ఉంటుంది. వారు మళ్లీ మళ్లీ పూసుకుంటే బస్సులో పక్క సీటు వారికి తలనొప్పి తప్పదు.

మా మేనల్లుడికి కొత్తగా ఉద్యోగం వచ్చినప్పుడు ఇద్దరం ఏప్రిల్ నెలలో ఇలాగే చూశాం. హన్మకొండ ఎండ సంగతి తెలిసిందే, మధ్యాహ్నానికి నలభై డిగ్రీలు దాటుతుంది. పది నిమిషాలకు ఈడీటీ చేయే బాగుంది. కమలా తొక్క గిల్లినప్పుడు చిమ్మే ఆ తాజాదనం కుడి చేతి మీద సగం కూడా లేదు. గంటకు రెండూ దాదాపు సమానం. నాలుగు గంటలకు ఎడమ చేయి చర్మానికి ముక్కు ఆనిస్తే గానీ తెలియలేదు. కుడి చేతి మీద మాత్రం తియ్యటి చెక్క వాసన స్పష్టంగా ఉంది. ఎనిమిది గంటలకు అదీ సన్నగిల్లింది. అయితే అతని నూలు చొక్కా కాలరు మీద కొట్టిన ఒక నొక్కు ఈడీటీ మర్నాడు ఉదయం కూడా ఉంది. చర్మం వేడి, చెమట వాసనను తొందరగా తీసుకుపోతాయి. నూలు బట్ట పట్టి ఉంచుతుంది.

ఇప్పుడు ధర లెక్క

సీసా ధర చూడవద్దు. మొదట మిల్లీలీటరు ధర, తర్వాత నొక్కు ధర, చివరికి మీ రోజు ఖర్చు చూడండి. చాలా పెట్టెల మీద ఎమ్మార్పీ పక్కనే మిల్లీలీటరు ధర కూడా అచ్చు వేసి ఉంటుంది.

మేనల్లుడి ముందున్న మూడు సీసాల ధరలను గుండ్రని అంకెల్లో చెబుతాను. ఈడీటీ 100 మి.లీ. 6,000 రూపాయలు. ఈడీపీ 100 మి.లీ. 8,000. పర్ఫ్యూమ్ 50 మి.లీ. 6,000. చూపుకు ఈడీటీ, పర్ఫ్యూమ్ ఒకే ధర అనిపిస్తాయి. కానీ మిల్లీలీటరుకు అవి 60, 80, 120 రూపాయలు. నొక్కుకు 6, 8, 12 రూపాయలు.

అతను ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరతాడు. పరీక్షలో తేలినదాన్ని బట్టి ఈడీటీ అయితే ఉదయం నాలుగు నొక్కులు, భోజనం తర్వాత మరో మూడు కావాలి. ఏడు నొక్కులు, రోజుకు 42 రూపాయలు. ఈడీపీ ఉదయం నాలుగు నొక్కులతో రోజు గడుస్తుంది, 32 రూపాయలు. పర్ఫ్యూమ్ మూడు నొక్కులు, 36 రూపాయలు. రోజూ వాడితే ఈడీటీ సీసా అయిదు నెలలు కూడా రాదు. ఈడీపీ ఎనిమిది నెలలు దాటుతుంది. పర్ఫ్యూమ్ అయిదున్నర నెలలు వస్తుంది. సీసాగా చూస్తే రెండు వేలు ఎక్కువైన ఈడీపీయే అతనికి చౌక పడింది.

ఇదే లెక్క అందరికీ ఈడీపీయే మేలని చెప్పదు. సాయంత్రం గుడికో, విందుకో వెళ్లి రెండు మూడు గంటల్లో తిరిగి వచ్చేవారికి మధ్యాహ్నం నొక్కుల అవసరమే లేదు. వారికి ఈడీటీ నాలుగు నొక్కులతో 24 రూపాయలే అవుతుంది. ఆ మూడింటిలో అదే తక్కువ. మీ రోజు ఎంత పొడవో ముందు చూసుకుని లెక్క వేయండి.

ధర పెరిగిన మేర అంతా తైలానికే పోతుందని కూడా అనుకోవద్దు. సీసా, మూత, ప్రచారం, దుకాణం లాభం, పన్ను కలిపి ధరలో పెద్ద వాటా తీసుకుంటాయి. పర్ఫ్యూమ్ మిల్లీలీటరు ధర ఈడీటీకి రెట్టింపు దాటి, తైలం రెట్టింపు లేకపోతే, ఆ మిగతాది పేరుకు ఇస్తున్న డబ్బు.

కొలోన్ ఎవరికి?

కొలోన్ జర్మనీలోని కొలోన్ నగరంలో పేరు తెచ్చుకున్న తేలిక సెంటు. ఇటలీ నుంచి అక్కడికి వెళ్లిన ఫరీనా కుటుంబం నెలకొల్పిన వ్యాపారం 1709లో మొదలై నేటికీ నడుస్తోంది. పుల్లని పండ్ల తొక్కలు, కాసిన్ని ఆకులు, పూలు, తైలం బహు కొద్ది. అది గంట, గంటన్నరలో పోతే సీసాది లోపం కాదు, దాని స్వభావమే అంత. మే నెలలో వరంగల్‌లో రెండోసారి స్నానం చేశాక మెడ మీద, చేతుల మీద ధారాళంగా చల్లుకోవడానికి దాన్ని మించింది లేదని నా అభిప్రాయం. అయితే అమెరికా వాడుకను అనుసరించి మగవారి సెంటు దేన్నయినా కొలోన్ అనేవారు ఉన్నారు. అలాంటప్పుడు దుకాణదారు మాట వదిలి సీసా మీద ఏముందో చదవండి.

సహజమైన బర్గమోట్ తైలం ఉన్న సెంటు పూసుకుని నేరుగా ఎండలోకి వెళితే కొందరికి చర్మం మీద గోధుమరంగు మచ్చలు పడతాయి. ఎండలో తిరిగే పని ఉంటే బట్ట కప్పే చోట పూసుకోండి.

కాలాన్ని బట్టి, బట్టను బట్టి

వేసవిలో గట్టి పర్ఫ్యూమ్ మూడు నొక్కులు కొట్టుకుని కిక్కిరిసిన బస్సెక్కితే వెనిల్లా, బంక వాసనలు వేడికి ఒక్కసారిగా లేచి ఊపిరాడనివ్వవు. అదే సీసా డిసెంబరులో ఆదిలాబాద్ చలికి, రాత్రి పెళ్లి పందిట్లో ఎంతో హాయిగా ఉంటుంది. చలిలో వాసన నెమ్మదిగా లేస్తుంది కాబట్టి బరువైన తైలాలకు అదే అనువైన కాలం. ఒకే సీసాతో ఏడాది గడపాలనుకునేవారు ఈడీపీ తీసుకుని వేసవిలో రెండు నొక్కులకు, చలికాలంలో నాలుగుకు మార్చుకోవచ్చు.

పొడిచర్మం మీద ఏ సెంటూ ఎక్కువసేపు నిలవదు. పూసుకునే చోట ముందుగా కాస్త వాసన లేని పెట్రోలియం జెల్లీ రాస్తే తైలం దాన్ని పట్టుకుని నిదానంగా వదులుతుంది. ఈడీటీ వాడేవారికి ఖర్చు లేకుండా దొరికే అదనపు సమయం ఇది.

పట్టుచీర మీద, జరీ మీద నేరుగా కొట్టవద్దు. తైలం ఎక్కువున్నకొద్దీ మరక పడే అవకాశం ఎక్కువ. వెనిల్లా ఎక్కువున్న పర్ఫ్యూమ్ లేతరంగు బట్ట మీద గోధుమరంగు మచ్చ వదులుతుంది. చీర కట్టకముందే ఒంటికి పూసుకుని, ఆరాక కట్టుకోండి. ముత్యాలు, గిల్టు నగలు ఆఖరున పెట్టుకోండి.

అత్తరుకు ఈ కొలత వర్తించదు

కాజీపేట దర్గా ఉర్సులో అత్తరు అమ్మేవారు చిన్న గాజు కడ్డీతో మణికట్టుకు రాసి చూపిస్తారు. అందులో ఆల్కహాల్ ఉండదు కాబట్టి ఈడీటీ, ఈడీపీ అన్న పేర్లు దానికి అతకవు. అలాగని అదంతా నూరు శాతం సువాసన తైలమే అని కూడా కాదు. సంప్రదాయ అత్తరుకు ఆధారం చందన తైలం. ఇప్పుడు చౌకగా దొరికేవాటిలో వాసన లేని నూనెలాంటి ద్రవాలు కలుపుతారు. అసలు చందన తైలం చాలా ఖరీదు, వంద రూపాయలకు వచ్చే చందనపు అత్తరులో అది ఉండదు. రాయించుకుని ఉర్సులో గంటసేపు తిరిగి, అప్పటికీ నచ్చితేనే కొనండి.

కొన్న సీసా ఏదైనా పెట్టెలోనే ఉంచి, చీకటిగా, చల్లగా ఉండే బీరువాలో పెట్టండి. మే నెలలో ఎండలో నిలిపిన కారులోనో, బైకు డిక్కీలోనో రోజుల తరబడి ఉంచితే ముందు పాడయ్యేవి ఆ తేలికైన పండ్ల తొక్కల వాసనలే. తెరిచినప్పుడు తాజా నారింజ బదులు పుల్లగా, పాత నూనెలా వాసన వస్తే సెంటు చెడిందని గుర్తు. పైగా ఆల్కహాల్ మండే పదార్థం కూడా.